మృగమూ, ముద్రా, పెద్దల బైబిలు తరగతీ

ప్రకటన గ్రంథం మొదలుపెడుతున్నామని చెప్పిన ఆదివారం మా పెద్దల తరగతిలో కుర్చీలు చాలవు. యాకోబు పత్రిక చెప్పినన్నాళ్లూ వెనక వరసలు బోసిగా ఉంటాయి. ఇదంటే మాత్రం ఆరాధన ముగియగానే ఇంటిదారి పట్టేవాళ్లు కూడా ఆగుతారు. పక్క సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు వస్తారు. కొందరి చేతుల్లో నోటుపుస్తకాలుంటాయి. అవి లెక్కలు కట్టుకోవడానికి.

మొదటి రోజు నేను పాఠం చెప్పను. తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, ఈ పుస్తకం మాట ఎత్తితే ముందు ఏం గుర్తొస్తుందో ఒక్క ముక్క రాయమంటాను. తిరిగొచ్చిన చీటీల్లో ఎక్కువ భాగం 666. తర్వాత ఆధార్, బార్‌కోడ్, కరోనా టీకా, చేతిలో పెట్టే చిప్. ఒక చీటీలో మాత్రం నాలుగు వరసలున్నాయి. చిన్నప్పుడు బడి నుంచి ఇంటికొస్తే తలుపు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. రాకడ వచ్చేసింది, అందరూ ఎత్తబడిపోయారు, నేనొక్కదాన్నే మిగిలిపోయాననుకుని వీధి చివరిదాకా ఏడుస్తూ పరుగెత్తాను అని రాసి ఉంది. తల్లి పక్కింటికి కరివేపాకు కోసం వెళ్లిందట. ఆ చేతిరాత అరవై ఏళ్లావిడది.

తరగతి నడిపేవాడు అన్నిటికంటే ముందు చదవాల్సింది ఆ చీటీ. గదిలో కూర్చున్నవాళ్లలో కొందరికి ఈ పుస్తకం వినోదం, కొందరికి యాభై ఏళ్లుగా మానని గాయం. తేదీలు లెక్కలు కట్టే మొదటి రకాన్ని ఆపకపోతే రెండో రకం నోరు విప్పరు.

పుస్తకం పేరులోనే ఒక చిక్కుంది. గ్రీకులో దాని పేరు అపొకాలుప్సిస్. తెర తీయడం, కప్పి ఉన్నదాన్ని చూపడం అని అర్థం. ఇంగ్లీషులోకి వెళ్లి ఆ మాట లోకం తగలబడిపోవడమనే అర్థం తెచ్చుకుంది. మన తెలుగు అనువాదకులు 'ప్రకటన' అన్నారు. అసలుకు దూరమేం కాదు గానీ, ఇప్పుడు ప్రకటన అంటే మనకు రైల్వే స్టేషన్‌లో వినబడేదే: ఫలానా బండి మరికొద్ది సేపట్లో రాబోతోంది. దానికి తోడు మనకు కాలజ్ఞానం అలవాటొకటుంది. ఏం జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అని సరిపెట్టుకుంటాం. ఆ చెవులతోనే యోహాను మాటలూ వింటాం. చర్చిలో కూర్చున్నంత మాత్రాన ఆ అలవాటు పోదు.

అందుకని రెండో ఆదివారం పుస్తకమంతా గట్టిగా చదివిస్తాను. 22 అధ్యాయాలు, ముగ్గురు నలుగురు మార్చుకుంటూ చదివితే గంటన్నర పడుతుంది. వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా ఉండదు, ప్రశ్నలు రాసిపెట్టుకోమంటాను. ఇది నా సొంత పద్ధతేమీ కాదు. చదివేవాడు ధన్యుడు, వినేవాళ్లు ధన్యులు అని మొదటి అధ్యాయంలోనే ఉంది. చదివేవాడు ఒక్కడు, వినేవాళ్లు చాలామంది, అంటే సభలో చదివి వినిపించడానికి రాసిన ఉత్తరం. ఒక్కో వచనం ఊడబెరికి కరపత్రం మీద అచ్చువేసినప్పుడు కనిపించనివి ఇలా విన్నప్పుడు బయటపడతాయి. పాటలెన్ని ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. ప్రతి ఘోరం తర్వాతా కథ పరలోకానికి మళ్లి ఎవరో ఒకరు పాడతారు. ఇంకొకటి కూడా తెలుస్తుంది. 'క్రీస్తు విరోధి' అనే మాట ఈ పుస్తకంలో ఒక్కసారి కూడా రాదు. అది యోహాను మొదటి, రెండో పత్రికల్లో ఉంది. ఆ సంగతి తేలినప్పుడు గదిలో పేజీలు తిప్పే చప్పుడు చాలాసేపు వినబడింది.

ఉత్తరం అన్నాక చిరునామా ఉండాలి. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఏడూ నేటి టర్కీ పడమటి భాగంలోని ఊళ్లు. స్ముర్న ఇప్పటి ఇజ్మీర్ నగరం. పటం మీద వేలుపెట్టి ఆ వరసలోనే కలుపుతూ పోతే, పత్మాసు ద్వీపం నుంచి పడవలో వచ్చి ఎఫెసులో దిగినవాడు ఊరూరా ఉత్తరం అందిస్తూ చుట్టివచ్చే దారి కనిపిస్తుంది. రాసిన కాలం రోమా చక్రవర్తి డొమీషియన్ పాలన చివర, అంటే క్రీ.శ. 96కి కాస్త ముందు, అని ఎక్కువమంది పండితులు అంటారు. నీరో చచ్చిన 68 ప్రాంతానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎటైనా చెప్పుకోవలసింది ఒకటుంది. స్ముర్నలో ఆ ఉత్తరం విన్నవాళ్లకు అందులో తమకు తెలిసింది ఏదో ఉండి తీరాలి. రెండు వేల ఏళ్ల తర్వాత వచ్చే బార్‌కోడ్ గురించి మాత్రమే అయితే, జైలు అంచున ఉన్నవాళ్లకు అది పంపడం క్రూరమైన హాస్యం. కాబట్టి మా తరగతిలో ప్రతి బొమ్మకీ మొదటి ప్రశ్న ఒకటే: స్ముర్నలో కూర్చుని విన్న మనిషికి ఇది ఏం గుర్తుచేసి ఉంటుంది?

ఆ ప్రశ్న అలవాటు కావడానికి మృగం జోలికి పోకుండా ముందు నల్ల గుర్రాన్ని తీసుకుంటాను. ఆరో అధ్యాయంలో మూడో ముద్ర విప్పగానే నల్ల గుర్రం వస్తుంది, రౌతు చేతిలో త్రాసు. ఒక స్వరం ధరలు చదువుతుంది: దేనారానికి సేరు గోధుమలు, అదే దేనారానికి మూడు సేర్ల యవలు, నూనె జోలికీ ద్రాక్షారసం జోలికీ పోవద్దు. దేనారమంటే కూలివాడి ఒక రోజు కూలి. ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానంలో అందరికీ ఇచ్చింది అదే. తెలుగు బైబిలు సేరు అన్న చోట గ్రీకులో ఖోయినిక్స్ అని ఉంది, సుమారు ఒక లీటరు కొలత, ఒక మనిషికి రోజు తిండి. ఇప్పుడు లెక్క వేయమంటాను. రోజంతా కష్టపడితే ఒక్క మనిషి తినే గోధుమలు వస్తాయి. పెళ్లాం పిల్లలుంటే యవలకు దిగాలి, అప్పుడు ముగ్గురికి సరిపోతుంది. అద్దె, బట్ట, మందు ఏమీ మిగలవు. నూనె, ద్రాక్షారసం మాత్రం భద్రం. అవి ఎస్టేట్లున్నవాళ్ల పంటలు.

'అయితే ఇది కరువు ధరల మాటేగా మాస్టారూ' అంది వెనక కూర్చున్న కిరాణా కొట్టావిడ. గుర్రం నల్లగా ఎందుకుందో, రౌతు ఎవరో ఆమె అడగలేదు. ధర విని బొమ్మ పట్టేసుకుంది. ఆ రోజుకి అది చాలు. తెలిసిన బాధకు గుర్రాన్నీ త్రాసునూ ఇచ్చి చూపడమే ఈ రాతలో పని జరిగే తీరు అని తరగతికి తెలిసిపోయింది.

ఇక 13వ అధ్యాయం. దీనికి రెండు ఆదివారాలు కావాలి. తొందరపడితే చెడుతుంది.

బోర్డును నిలువునా రెండు భాగాలు చేసి ఎడమవైపు దానియేలు ఏడో అధ్యాయం రాయిస్తాను. సముద్రంలోంచి నాలుగు జంతువులు: సింహం, ఎలుగుబంటి, నాలుగు తలల చిరుత, పది కొమ్ముల నాలుగోది. కుడివైపు యోహాను చూసింది: సముద్రంలోంచి ఒకే ఒక్క మృగం, చిరుత ఒళ్లు, ఎలుగు పాదాలు, సింహం నోరు, పది కొమ్ములు, ఏడు తలలు. ఎడమవైపు తలలు లెక్కపెట్టమంటాను. ఒకటి, ఒకటి, నాలుగు, ఒకటి. ఏడు. ఇక్కడ ఎవరో ఒకరు 'ఓహో' అనకుండా ఉండరు. యోహాను పాత నాలుగు రాజ్యాలనూ కలిపి ఒకే ఒళ్లుగా కుట్టాడు. ఆ జంతువులు రాజులని దానియేలు గ్రంథమే చెబుతోంది, మనం ఊహించనక్కరలేదు. ప్రకటన 17లో ఏడు తలలంటే ఏడు కొండలని దూత విప్పి చెబుతాడు. ఆ కాలంలో ఏడు కొండల ఊరంటే చిన్నపిల్లాడైనా రోమ్ అనే అంటాడు. వెస్పేసియన్ కాలపు నాణెం ఒకదాని మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చుని ఉంటుంది.

ఎఫెసులో ఉన్నవాడికి రోమా అధికారం నిజంగానే సముద్రం మీంచి వచ్చేది, గవర్నరు ఓడ దిగేది అక్కడే. నేలలోంచి వచ్చే రెండో మృగం మొదటిదానికి విగ్రహం పెట్టించి, జనం చేత మొక్కించి, ముద్ర లేనివాళ్లకు కొనడం అమ్మడం లేకుండా చేస్తుంది. ఇది ఆ ఊళ్ల స్థానిక పెద్దలనీ, చక్రవర్తి గుళ్ల పూజార్లనీ చాలామంది పండితులు అంటారు. ఊహకు ఆధారం కంటికి కనబడేదే. డొమీషియన్ వంశానికి ఎఫెసులో 89-90లో గుడి ప్రతిష్ఠ అయింది. అక్కడ దొరికిన పెద్ద విగ్రహం తల, ఒక చెయ్యి మ్యూజియంలో ఉన్నాయి. అది డొమీషియన్‌దో అతని అన్న టైటస్‌దో ఇంకా తగవే. మనిషికి మూడు నాలుగింతల ఎత్తు విగ్రహం అది. సంతకెళ్లే దారిలో అది నిలబడి ఉంటే, 'విగ్రహానికి మొక్కనివాడు' అన్న మాట వినగానే విన్నవాడి కళ్లు ఎటు తిరుగుతాయో చెప్పనక్కరలేదు.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవలసిన చోటొకటుంది. ఊరూరా నెత్తురు ఏరులై పారిందని చెప్పాలనిపిస్తుంది, కథ రక్తి కడుతుంది. కానీ డొమీషియన్ కాలంలో సామ్రాజ్యమంతటా క్రైస్తవుల్ని వెంటాడారనడానికి ఆధారాలు పలచన. చనిపోయిన సాక్షిగా ఆ ఏడు ఉత్తరాల్లో పేరు చెప్పింది ఒక్కరిదే, పెర్గములోని అంతిప. గట్టి పత్రం కావాలంటే కాస్త తర్వాతది, సుమారు 112లో గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన జాబు. క్రైస్తవుడన్న నింద ఉన్నవాణ్ణి పిలిచి, చక్రవర్తి బొమ్మ ముందు ధూపం వేసి ద్రాక్షారసం పోయమనీ, క్రీస్తును దూషించమనీ అడుగుతానని అందులో ఉంది. చేస్తే వదిలేస్తాడు. ఏడు ఊళ్లలో రోజువారీ ఒత్తిడి అంతకంటే మామూలుగా ఉండి ఉంటుంది: చేతివృత్తి సంఘం విందు ఏదో దేవత పేరు మీద జరుగుతుంది, వెళ్లకపోతే పని దొరకదు. కొనడం అమ్మడం అన్నమాట అలాంటివాడికి చిప్ లేకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే సంఖ్య.

ముందుగా శంకరాభరణం. మేళకర్త రాగాల్లో దాని పూర్తి పేరు ధీరశంకరాభరణం. కటపయాది లెక్కలో 'ధ' తొమ్మిది, 'ర' రెండు. తిరగేస్తే 29. అది ఇరవై తొమ్మిదో మేళం. మేచకల్యాణిలో 'మ' అయిదు, 'చ' ఆరు, తిరగేస్తే 65. అక్షరాలతో అంకెలు దాచడం మనకు కొత్తది కాదు, అదేదో దయ్యాల విద్యా కాదు. గ్రీకులకూ యూదులకూ వేరే అంకెలే లేవు, అక్షరాలే అంకెలు. అందువల్ల ఏ పేరునైనా కూడి చూడొచ్చు. పాంపే నగరంలో అగ్నిపర్వతం బూడిద కింద దొరికిన ఒక గోడరాతలో ఎవడో తాను 545 అనే సంఖ్య గల అమ్మాయిని ప్రేమిస్తున్నానని గీసుకున్నాడు. ఊళ్లో చాలామందికి అర్థం కాకూడదు, తెలిసినవాళ్లకు తెలియాలి. గోడ మీద ప్రేమకథ వినగానే 666 పేరు చెబితే బిగుసుకుపోయిన ముఖాలు సడలుతాయి. మా తరగతిలో ఆ అమ్మాయి ఎవరై ఉంటుందని కాసేపు నవ్వుకున్నారు.

యోహాను కూడా అదే ఆట చెబుతాడు: బుద్ధి ఉన్నవాడు లెక్క కట్టాలి, అది ఒక మనిషి సంఖ్య. అందరికంటే ఎక్కువమంది పండితులు ఒప్పుకునే విడుపు 'నీరో కైసరు'. గ్రీకు పలుకుబడిని హెబ్రీ అక్షరాల్లో పెడితే నేరోన్ కెసర్. నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఇక్కడికి 306. ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200, ఇవి 360. మొత్తం 666. బోర్డు మీద కూడిక నేను చెయ్యను, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు, ఆయన చేత చేయిస్తాను. తర్వాత ఒక పాత సంగతి చెబుతాను. కొన్ని చేతిరాత ప్రతుల్లో ఈ సంఖ్య 666 అని ఉండదు, 616 అని ఉంటుంది. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే చోట దొరికిన పాపిరస్ ముక్కలోనూ అదే. ఎందుకై ఉంటుందని అడిగితే లెక్కల మాస్టారే పట్టుకున్నారు: 'యాభై తగ్గింది. చివరి నూన్ తీసేసినట్టున్నారు.' నేరోన్ అనకుండా లాటిన్‌లో లాగా నేరో అంటే నూన్ ఉండదు. ఒకే పేరు రెండు రకాలుగా పలికితే రెండు సంఖ్యలూ వస్తాయి. ఇంకే పేరుకూ ఇంత సులువుగా ఇది కుదరదు.

అయినా ఇది తీర్పు కాదని చెప్పాలి, లోపాలూ బోర్డు మీద పెట్టాలి. గ్రీకు పుస్తకం చదివేవాళ్లకు హెబ్రీ లెక్క ఎందుకు? కైసరు మాటను హెబ్రీలో మామూలుగా యోద్ అనే అక్షరంతో రాస్తారు, అలా రాస్తే పది ఎక్కువై లెక్క తప్పుతుంది. దీనికి సమాధానంగా యూదయ ఎడారిలో మురబ్బాత్ గుహల్లో దొరికిన ఒక అప్పుపత్రం చూపిస్తారు. నీరో ఏలుబడి రెండో ఏట రాసింది అది, అందులో యోద్ లేదు. ఇంకో లోపం పెద్దది. సుమారు 180లో లియాన్ బిషప్పు ఇరేనియస్ ఈ సంఖ్య గురించి రాశాడు. 616 ప్రతుల సంగతి ఆయనకు తెలుసు, అది నకలు రాసినవాళ్ల పొరపాటన్నాడు. కుదిరే పేర్లు రెండు మూడు చెప్పాడు. వాటిలో నీరో లేడు. యోహాను కాలానికి నూరేళ్లు తిరక్కుండానే అంత చదువుకున్నవాడికి కూడా తాళం చెవి దొరకలేదు. ఆయన ఇంకో మాటా రాశాడు: ఆ పేరు ఇప్పుడు బయటపెట్టవలసిందే అయితే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడు, కాబట్టి జోస్యానికి తొందరపడడం కంటే ఆగడం మేలు. తేదీ చెప్పకుండా రాకడను నమ్మిన తొలినాటి పెద్దల్లో ఆయనొకరు. తరగతిలో ఎవరైనా 'నీరో అంటే మరి రాకడ లేదంటారా' అని కోపంగా అడిగినప్పుడు నాకు ఇరేనియస్ బాగా పనికొస్తాడు. రోమ్ గురించి రాసింది రోమ్‌తోనే అయిపోయిందని నేనెప్పుడూ చెప్పలేదు. దానియేలు మృగాన్ని యోహాను రోమ్‌కు వాడుకున్నట్టే ఆ తర్వాతి తరాలు తమ కాలపు రాజ్యాలకు వాడుకున్నాయి. అది కొలబద్దగా వాడడం. పేరు, ఊరు, తేదీ అతికించి ఇతనే అనడం వేరు.

ఆధార్, టీకా సంగతి తేల్చేది లెక్క కాదు, దాని పక్క వచనం. 13 చివర నుదుటి మీదో కుడిచేతి మీదో మృగం ముద్ర. మరుక్షణమే, 14 మొదటి వచనంలో, గొఱ్ఱెపిల్లతో నిలబడ్డవాళ్ల నుదుళ్ల మీద తండ్రి పేరు. యోహాను రాసినప్పుడు ఈ రెంటి మధ్య అధ్యాయం గీత లేదు, అధ్యాయాలు పెట్టింది పదమూడో శతాబ్దంలో. నేను అడిగేది ఇంతే: దేవుని పేరు మీ నుదుటి మీద సిరాతో రాసి ఉండాలని మీరెవరైనా అనుకుంటున్నారా? ఎవరూ చెయ్యెత్తరు. మరి మొదటి ముద్రను సూదిమందులో ఎందుకు వెదుకుతున్నాం? ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ధర్మాన్ని చేతికీ నుదుటికీ కట్టుకోమని ఉంది. చెయ్యి చేసే పని, నుదురు తలపు. ఎవరికి చెందినవాడివో అవి చెబుతాయి. తెలియకుండా ఒంట్లోకి ఎక్కే ముద్ర గురించి యోహాను రాయలేదు. తెలిసి మొక్కినవాళ్ల గురించి రాశాడు. టీకా వేయించుకుని రెండేళ్లు లోలోపల కుమిలిన ఒక పెద్దాయన ఆ రోజు తరగతి అయ్యాక నా దగ్గరికొచ్చి, 'అయితే తెలియకుండా పడదా బాబూ' అని మాత్రం అడిగి వెళ్లాడు.

నోటుపుస్తకాలవాళ్లు ఈపాటికి కాస్త నిరాశపడతారు. వాళ్లను ఎగతాళి చెయ్యకూడదు. వాళ్లలో చాలామంది గ్రంథాన్ని అందరికంటే శ్రద్ధగా చదివేవాళ్లు. శ్రద్ధతోనే ఎలా తప్పుతామో చూపడానికి విలియం మిల్లర్ కథ ఒక ఆదివారమంతా చెబుతాను.

మిల్లర్ న్యూయార్క్ రాష్ట్రంలో రైతు, బాప్టిస్టు. మోసగాడు కాడు. పక్కన వ్యాఖ్యానాలు పెట్టుకోకుండా బైబిలుతోనే ఏళ్ల తరబడి కూర్చున్నాడు. దానియేలు 8లో 2300 దినాల తర్వాత పరిశుద్ధ స్థలం శుద్ధి అవుతుందని ఉంది. దినమంటే సంవత్సరం అనుకున్నాడు. లెక్క క్రీ.పూ. 457లో పర్షియా రాజు అర్తహషస్త ఆజ్ఞతో మొదలవుతుందనుకున్నాడు. పరిశుద్ధ స్థలమంటే భూమి అనీ, శుద్ధి అంటే క్రీస్తు రాకతో అది కాలి శుభ్రం కావడమనీ అనుకున్నాడు. 2300లోంచి 457 తీస్తే 1843. తీసివేతలో తప్పులేదు. 1843 మార్చి నుంచి 1844 మార్చి లోపల అన్నాడు. గడువు దాటింది. క్రీ.పూ. ఒకటికీ క్రీ.శ. ఒకటికీ మధ్య సున్నా సంవత్సరం లేదన్న సంగతీ తేలింది. మిల్లర్ అనుచరుల్లో ఒకరు 1844 అక్టోబరు 22 అని ఖాయం చేశారు, చివరికి మిల్లరూ ఒప్పుకున్నాడు. కొందరు రైతులు పంట తీయకుండా చేలోనే వదిలేశారు. 23 తెల్లవారింది.

బోర్డు మీద తీసివేతకు టిక్కు పెట్టి, 'అనుకున్నాడు' అన్న చోటల్లా గీత గీయమంటాను. గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ఏ కరపత్రాన్నైనా పరీక్షించడం వచ్చేస్తుంది. లెక్క ఎప్పుడూ సరిగానే ఉంటుంది, లెక్కకు ముందు నాలుగు ఊహలు చప్పుడు లేకుండా కూర్చుంటాయి. అన్నిటికంటే బాధ కలిగించేది, ఆ ఎనిమిదో అధ్యాయం తన బొమ్మల్ని తానే విప్పుకుంది. పొట్టేలు మాదీయ, పారసీక రాజులు, మేకపోతు గ్రీసు రాజు అని దూత పేర్లు పెట్టి చెబుతాడు. నిత్యబలిని ఆపించినవాడంటే క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని మైల చేసిన అంతియోకు ఎపిఫానెస్ అని అప్పటి యూదులు గుర్తుపట్టి ఉంటారు. మూడేళ్లకు ఆలయం తిరిగి ప్రతిష్ఠ అయింది. మిల్లర్ సంఖ్యను పట్టుకుని దాని చుట్టూ ఉన్న కథను వదిలేశాడు.

ఇది పాత కథ అంటే హెరాల్డ్ క్యాంపింగ్ ఉన్నాడు. అమెరికాలో రేడియోలో బైబిలు చెప్పేవాడు, 2011 మే 21 అన్నాడు, దాటాక అక్టోబరు 21 అన్నాడు. దాచుకున్న సొమ్ము ఆ ప్రచారానికి పెట్టినవాళ్లున్నారు. 2012 మార్చిలో తేదీ చెప్పడం పాపమేనని ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు ఆయన్ని నేను గౌరవిస్తాను. మన దగ్గర తేదీలు దాటిపోయాక ఉత్తరాలు రావు, కొత్త కరపత్రం వస్తుంది.

ఆ దినమూ గడియా కుమారుడికి కూడా తెలియవని సువార్తలో ఉన్న మాట తరగతిలో అందరికీ కంఠతా వచ్చు. అది చెప్పి తేదీలవాణ్ణి ఓడించవచ్చు గానీ ఉపయోగం ఉండదు. 'గడియ తెలియదు సరే, సంవత్సరం తెలియదని లేదుగా' అంటారు. నిజంగానే ఒకాయన అన్నారు. ఆయన చేతే మిల్లర్ లెక్క బోర్డు మీద వేయించాక ఇంకేం అనలేదు.

సంఘకాపరితో తగవు పెట్టుకోవడం కూడా ఈ తరగతి పని కాదు. మన సంఘాల్లో ఎక్కువమంది విన్న క్రమం ఇది: సంఘం ఎత్తబడడం, ఏడేండ్ల శ్రమకాలం, వెయ్యేండ్ల పరిపాలన. ఆ ముక్కలన్నిటినీ ఈ వరసలో పేర్చి చెప్పడం 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ దగ్గర మొదలై, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు అడుగు నోట్సుతో లోకమంతా పాకింది. ఆ సంగతి చెబుతాను, అది తప్పని చెప్పను. ఆగస్టీను దగ్గర నుంచి చాలామంది వెయ్యేండ్లను వేరే విధంగా చదివారనీ, విశ్వాసులు ఇన్ని రకాలుగా చదివిన చోట ఒక్కదాన్ని పట్టుకుని ఎదుటివాళ్ల రక్షణను అనుమానించకూడదనీ మాత్రం అంటాను.

భయం మాటేమిటి? పుస్తకంలో భయంకరమైనది ఏమీ లేదని చెబితే అబద్ధం అవుతుంది. గుర్రాల కళ్లేల దాకా రక్తం వస్తుంది. నేను అయిదో అధ్యాయానికి తీసుకెళ్తాను. ముద్రలు విప్పగలవాడు ఎవడూ లేడని యోహాను ఏడుస్తుంటే, యూదా గోత్రపు సింహం గెలిచాడని ఒక పెద్ద చెబుతాడు. యోహాను తల తిప్పి చూస్తే సింహం లేదు, వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల నిలబడి ఉంది. విన్నది సింహం, చూసింది గొఱ్ఱెపిల్ల. ఆ తర్వాత పుస్తకంలో సింహం పేరుతో ఆయన్ని ఇంకెక్కడా పిలవరు, గొఱ్ఱెపిల్ల మాత్రం చివరిదాకా పదేపదే వస్తుంది. 19లో తెల్ల గుర్రం మీద వచ్చేవాడి బట్ట యుద్ధం మొదలుకాకముందే రక్తంలో ముంచి ఉంది. ఎవరి రక్తమని అడిగి వదిలేస్తాను. ఆ వారం చర్చ నేను నడపనక్కరలేదు. అది శత్రువుల రక్తమేనని యెషయా 63 తెరిచి వాదించేవాళ్లుంటారు, వాళ్ల దగ్గరా ఆధారముంది.

భయపడేవాళ్లకు నేను చెప్పే మాటలకంటే చేయించే పని ఎక్కువ ఉపయోగపడింది. వాళ్లను భయపెట్టిన వచనాన్నే వాళ్ల చేత గట్టిగా చదివించడం, ముందూ వెనకా పది వచనాలతో కలిపి. ఎవరినీ బలవంతం చెయ్యను. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం దాకా వెళ్లినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, అది పాఠంతో తీరేది కాదు, విడిగా కూర్చుని మాట్లాడాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపాలి.

కిందటిసారి ఆఖరి ఆదివారం 13వ అధ్యాయం ఎవరు చదువుతారని అడిగితే, నాలుగు వరసల చీటీ రాసినావిడ లేచింది. కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టింది. మృగం దగ్గర గొంతు కాస్త వణికింది, సంఖ్య దగ్గర వణకలేదు. అధ్యాయం అయిపోయిందని అందరూ పుస్తకాలు మూయబోతుంటే, 'ఉండండి, ఇంకా ఉంది' అని పేజీ తిప్పి, గొఱ్ఱెపిల్లా, సీయోను కొండా, నుదుళ్ల మీద పేరూ, వీణల పాటా దాటి అయిదో వచనం దాకా చదివి కూర్చుంది.